కథ చెప్పేయకుండా వ్యాసం రాయటం ఎలా: పూర్ణమ్మ మీద చేసి చూద్దాం

"పూర్ణమ్మ కావ్యంలో గురజాడ సంఘ విమర్శను చర్చించండి" అని ప్రశ్న కనపడగానే చాలామంది పెన్ను తీసి, కొండల నడుమ ఒక కొలను ఉంది, గట్టు మీద గుడి ఉంది, పూజారి ఇంట్లో ఒక పిల్ల పుట్టింది అని మొదలుపెట్టి, ముసలి మొగుడు, అత్తారింటికి పంపే రోజు, సాయంత్రం గుడికి ఒంటరిగా పోయి తిరిగి రాకపోవటం అన్నీ వరసగా రాసేసి, ఆఖర్న "ఈ విధంగా గురజాడ కన్యాశుల్క దురాచారాన్ని తీవ్రంగా విమర్శించారు" అని ఒక్క లైను పెట్టి పేపరు ఇచ్చేస్తారు. మూడు పేజీలు నిండుతాయి, తప్పు కూడా ఏం ఉండదు, కానీ ఆ ఆఖరి లైనుకి పైన రాసిన మూడు పేజీలు సాక్ష్యం కావు. ఎందుకంటే అదే కథని వేరే ఎవరన్నా మామూలు వచనంలో చెప్పినా మీ మూడు పేజీలు అక్షరం మారకుండా అలాగే ఉంటాయి కదా. మరి గురజాడ రాసిన పద్యం గురించి మీరు ఏం చెప్పినట్టు?

ఇదే మొదటి పరీక్ష, గుర్తుపెట్టుకోండి. మీరు రాసిన ఏ వాక్యమైనా తీసుకుని, "ఈ పుస్తకం చదవకుండా, కథ ఎవరి నోటో విన్న మనిషి ఈ వాక్యం రాయగలడా" అని అడగండి. రాయగలడు అంటే అది కథ చెప్పటం. రాయలేడు, ఆ లైన్లు కళ్లతో చూస్తే తప్ప రాయలేడు అంటే అది విశ్లేషణ. కథ అసలు రాయకూడదని కాదు, సందర్భం కోసం అర లైనో ఒక లైనో కావాలి, దాని పని అంతవరకే.

పూర్ణమ్మ ఎందుకు తీసుకున్నానంటే చిన్నది, చాలామందికి స్కూల్లోనే పరిచయం, పైగా కథ ఎంత బలంగా ఉంటుందంటే దాంట్లో పడి కొట్టుకుపోవటం చాలా తేలిక. ఒక ముందు మాట, ఈ గేయం పాఠం పుస్తకాన్ని బట్టి అక్కడక్కడా మారుతుంది, ఒకచోట చేరెను అని, ఇంకోచోట జేరెను అని, పూర్ణమ్మా అని దీర్ఘంతో, అది లేకుండా, ఇలా. మీ దగ్గరున్న ప్రతిలో ఎలా ఉందో అలాగే కోట్ చేయండి, గుర్తున్నదాన్ని బట్టి రాస్తే మీరు వాదన కట్టిన అక్షరమే అక్కడ లేకుండా పోవచ్చు.

ముందు గుర్తులు పెట్టుకోండి, అభిప్రాయం తర్వాత

మనం చేసే పొరపాటేంటంటే ముందే అభిప్రాయం ఫిక్స్ చేసుకుని (కన్యాశుల్కం చెడ్డది, కవి అభ్యుదయవాది) దానికి సరిపడే లైన్లు వెతుక్కోవటం. తిరగేసి చేయండి. పద్యాన్ని రెండోసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుని, మళ్లీ మళ్లీ వచ్చే మాట ఏదో, వస్తుంది అనుకుంటే రాని మాట ఏదో, ఉన్నట్టుండి తీరు మార్చుకున్న మాట ఏదో గుర్తు పెట్టండి. అర్థం ఏంటో అప్పుడే తేల్చక్కర్లేదు.

పూర్ణమ్మలో మళ్లీ మళ్లీ వచ్చేది ఏంటో ఎవరికైనా తెలుసు, "పుత్తడి బొమ్మ పూర్ణమ్మ". పల్లవిలా తిరుగుతూ ఉంటుంది. అందరూ దాన్ని చూసి "పునరుక్తి వల్ల గేయానికి అందం వచ్చింది" అని రాసి ముందుకెళ్లిపోతారు. మీరు అక్కడ ఆగండి. ఒక తెల్ల కాయితం తీసుకుని ఆ మాట వచ్చిన ప్రతి చోటునీ, దాని ముందో వెనకో ఉన్న క్రియతో సహా, ఒకదాని కింద ఒకటి రాయండి. నిజంగా రాయండి, కళ్లతో చూసి వదిలేస్తే ఇది కనపడదు. ముఖ్యమైనవి ఇలా వస్తాయి:

పుట్టింది ఎవరు, పుత్తడి బొమ్మ పూర్ణమ్మ. దుర్గను భక్తితో కొలిచింది ఎవరు, పుత్తడి బొమ్మ పూర్ణమ్మ, ఇది రెండుసార్లు, పూల చరణంలో ఒకసారి, పండ్ల చరణంలో ఒకసారి. ఆ తర్వాత ఇది:

కాసుకు లోనై తల్లీ తండ్రీ
నెనరూ న్యాయం విడనాడి
పుత్తడి బొమ్మను పూర్ణమ్మను వొక
ముదుసలి మొగుడుకు ముడివేస్త్రి!

చూశారా, "ను" వచ్చి చేరింది. దాని తర్వాత మొగుడు తీసుకుపోవటానికి వచ్చినప్పుడు "కొనిపోవచ్చెను / పుత్తడి బొమ్మను పూర్ణమ్మను", మళ్లీ "ను". చీరలూ సొమ్ములూ తెచ్చింది "పుత్తడి బొమ్మకు", ఈసారి "కు". ఇక పెద్దలకి మొక్కిన చరణంలో:

దీవెన వింటూ ఫక్కున నవ్వెను
పుత్తడి బొమ్మ పూర్ణమ్మ

ను పోయింది, కు పోయింది. కన్నీళ్లు తుడుచుకుని కలకల నవ్వే చోట కూడా అంతే. ఇంకొంచెం కిందికి వస్తే, గుడికి బయల్దేరేటప్పుడు "వొంటిగ పోయెను పూర్ణమ్మ" అనే ఉంటుంది, చివరి లైను "దుర్గను జేరెను పూర్ణమ్మ", అక్కడ పుత్తడి బొమ్మే లేదు.

ఇదంతా కాయితం మీద ఉన్నప్పుడే కనపడుతుంది. హైస్కూల్లో విభక్తులు బట్టీ పట్టాం కదా డు ము వు లు, ని ను ల కూర్చి గురించి అని, అది ఇన్నాళ్లకి పనికొచ్చింది.

గుర్తించినదాన్ని వాదనగా మార్చటం

ఇప్పుడు మన దగ్గర ఉన్నది ఒక పరిశీలన మాత్రమే. "పల్లవిలో విభక్తి మారుతుంది" అన్నంత మాత్రాన అది వాదన కాదు, ఎవరూ కాదనరు, చూస్తే కనపడుతుంది. మరోవైపు "గురజాడ కన్యాశుల్కాన్ని ఖండించాడు" కూడా వాదన కాదు, దాన్నీ ఎవరూ కాదనరు. వాదన ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. లైన్లలో ఉన్నదాన్ని పట్టుకుని దాని వల్ల ఏం జరుగుతోందో చెప్పాలి, చదివిన ఇంకో మనిషి "అవునా, నాకలా అనిపించలేదే" అనటానికి వీలుండాలి.

మార్చే పద్ధతి సింపుల్. కనపడ్డదాన్ని ముందు రాయండి, పక్కన "అయితే ఏంటి" అని రాయండి, జవాబు రాయండి, దాని పక్కన మళ్లీ "అయితే ఏంటి". రెండు మూడు సార్లు చాలు.

పల్లవి కర్తగా మొదలై పెళ్లి దగ్గర కర్మ అవుతుంది. అయితే ఏంటి? అంటే అప్పటిదాకా పనులు చేసిన పిల్ల మీద ఇప్పుడు వేరేవాళ్లు పని చేస్తున్నారు. అయితే ఏంటి? ముద్దుగా పిలిచిన బొమ్మ అనే మాటే, చేతులు మారే వస్తువు పేరుగా వినపడుతుంది. మరి చివర్లో ఆ మాట రాలిపోవటం? వస్తువుగా చూసే చూపు నుంచి ఆమె బయటికి పోయింది.

దీన్నంతా కలిపి వ్యాసం మొదటి పేరాలో పెట్టగలిగే వాక్యం ఇలా ఉంటుంది: "పూర్ణమ్మని ఇంటివాళ్లు ఒక వస్తువుగా మార్చటాన్నీ, ఆమె దాన్నుంచి తప్పుకోవటాన్నీ కవి సంఘటనల్లో కంటే ఎక్కువగా 'పుత్తడి బొమ్మ' అనే పల్లవిని తిప్పిన తీరులో చూపించాడు." దీంతో గొడవపడొచ్చు. "అబ్బే, అది ఛందస్సు కోసం వచ్చింది లేవయ్యా" అని ఒకరు అంటారు, అనాలి కూడా, దానికి జవాబు తర్వాత చూద్దాం. గొడవపడటానికే వీల్లేని వాక్యమైతే దానికి సాక్ష్యం ఎందుకు, వ్యాసం ఎందుకు.

పేరా కట్టటం, ఇక్కడే అసలు పని

ముందు చెడ్డ పేరా చూడండి, నేను దిద్దే పేపర్లలో రకరకాల రూపాల్లో వచ్చేదే:

"తర్వాత పూర్ణమ్మ తల్లిదండ్రులు డబ్బుకి ఆశపడి ఆమెను ఒక ముసలివాడికి ఇచ్చి పెళ్లి చేశారు. 'కాసుకు లోనై తల్లీ తండ్రీ నెనరూ న్యాయం విడనాడి పుత్తడి బొమ్మను పూర్ణమ్మను వొక ముదుసలి మొగుడుకు ముడివేస్త్రి' అని గురజాడ చెప్పారు. దీన్నిబట్టి ఆనాటి సమాజంలో స్త్రీలను వస్తువులుగా చూసేవారని తెలుస్తుంది. తోటి పిల్లలు మొగుడు తాత అని ఎగతాళి చేశారు. పూర్ణమ్మ దుర్గ దగ్గరికి వెళ్లి ఏడ్చింది."

కొటేషన్ ఉంది, వ్యాఖ్యానం లాంటి లైను కూడా ఉంది, అయినా ఇది కథే. ఎలా తెలుస్తుందంటే, కొటేషన్ మీద వేలు పెట్టి మూసేసి చదవండి. ఏమన్నా తగ్గిందా? తగ్గలేదు. ముందు లైనులో కథగా చెప్పిన సంగతే కొటేషన్‌లో పద్యంగా మళ్లీ వచ్చింది. "దీన్నిబట్టి తెలుస్తుంది" అని ఉంది గానీ దేన్నిబట్టో చెప్పలేదు, నాలుగు లైన్లలో ఏ మాటని బట్టి? ఇంకో గుర్తు, పేరా "తర్వాత" అని మొదలైంది. మీ పేరాలు తర్వాత, అప్పుడు, ఒకరోజు, చివరికి అని మొదలవుతుంటే మిమ్మల్ని నడిపిస్తున్నది కథ, వాదన కాదు.

ఇప్పుడు అదే చరణం మీద వాదన కోసం రాసిన పేరా:

"పెళ్లి చరణం వచ్చేదాకా 'పుత్తడి బొమ్మ పూర్ణమ్మ' అనే పల్లవి వాక్యానికి కర్త, పుట్టటం, కొలవటం ఆమె పనులు. పెళ్లి చరణంలో అదే పల్లవికి 'ను' చేరి 'పుత్తడి బొమ్మను పూర్ణమ్మను' అయింది, కర్త స్థానంలోకి 'తల్లీ తండ్రీ' వచ్చారు. వాళ్లు చేసిన పనికి కవి వాడిన క్రియ 'ముడివేస్త్రి'. పెళ్లంటే మూడు ముళ్లే కాబట్టి మాట మామూలుదే, కానీ 'ఇచ్చిరి' అంటే ఇచ్చేవాడి ఉదారత, 'పెళ్లి చేసిరి' అంటే వేడుక స్ఫురిస్తాయి. 'ముదుసలి మొగుడుకు' పక్కన ముడివేయటం అనగానే వేడుక పోయి కట్టేయటం ఒక్కటే మిగులుతుంది. చరణం మొదలవటమే 'కాసుకు' అని మొదలవుతుంది గనక, రెండు లైన్ల తర్వాత వచ్చిన 'పుత్తడి' ముద్దుమాటగా వినపడదు, ధర ఉన్న లోహంగా వినపడుతుంది. మాట మారలేదు, దాని చోటు మారింది, ఆ చోటే అమ్మకాన్ని చూపిస్తోంది."

ఇందులో కథ ఎంత ఉంది? "పెళ్లి చరణం" అన్న రెండు మాటలంత. చదివేవాడికి కథ తెలుసు, మీ పేపరు దిద్దేవాడికైతే మరీ తెలుసు. ఇంక కొటేషన్లు వేలితో మూసేయండి, పేరా కుప్పకూలిపోతుంది. అలా కూలాలి.

ఈ పేరాలో నేను చేసిన పనుల్లో ఒకటి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఏం రాయాలో తోచనప్పుడు అదే ఆదుకుంటుంది. మాట మార్చి చూడటం. కవి "ముడివేస్త్రి" అన్నాడు, ఆ చోట "ఇచ్చిరి" పెట్టి చదవండి, "పెళ్లి చేసిరి" పెట్టి చదవండి, ఏం పోయిందో చూడండి. పోయినదే మీరు రాయాల్సింది. ఏం పోలేదు అనిపిస్తే ఆ మాట మీద పేరా కట్టొద్దు, వేరే మాట చూసుకోండి. నవ్వు దగ్గర కూడా ఇలాగే, "ఫక్కున నవ్వెను" తీసి "మెల్లగ నవ్వెను" అని పెట్టి చూడండి. మెల్లగా నవ్వితే అణకువ, పెళ్లికూతురి సిగ్గు, పెద్దల దీవెనకి ఒప్పుకున్నట్టు. ఫక్కున నవ్వటం అంటే ఆపుకోలేక బయటపడే నవ్వు, సాధారణంగా వెటకారానికో వింతకో వచ్చేది. ముసలి మొగుడితో పంపుతూ ఇచ్చే దీవెనలు విని ఆ పిల్ల ఫక్కున నవ్వింది, అదే వాక్యంలో పల్లవి మళ్లీ కర్త అయింది. ఇంట్లో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి, ఎదురు చెప్పిన ఒకే ఒక్క చోటు ఆ నవ్వు. దీని మీద ఒక పేరా హాయిగా వస్తుంది, పైన చూపించినట్టే కట్టండి.

కొటేషన్ సైజు గురించి ఒక మాట. చరణం మొత్తం దింపటం అవసరం లేదు, ఒక చరణం అంతా ఇస్తే దాంట్లో ఉన్న ప్రతి మాటకీ మీరు బాధ్యులు అన్నట్టు రాయండి. మీకు కావలసింది రెండు మాటలైతే రెండు మాటలే తీసి మీ వాక్యంలో ఇమిడిపోయేలా పెట్టండి. వ్యాసం మొత్తానికి పూర్తి చరణం ఒకటి, మహా అయితే రెండు. బహుశా పెళ్లి చరణం, చివరి చరణం.

ఎదురొచ్చే లైన్లని దాచొద్దు

వాదన కుదిరింది అనుకున్నాక మళ్లీ ఒకసారి పద్యం మొత్తం చదివి, మీ వాదనకి అడ్డం పడే లైను ఏదన్నా ఉందా అని చూడండి. చాలామంది ఈ పని చేయరు, అలాంటివి కనపడినా పక్కకి తోసేస్తారు, నిజానికి వ్యాసంలో మంచి పేరాలు ఇక్కడే పుడతాయి.

నేను పైన "ఇంటివాళ్లు వస్తువుగా మార్చటం" అన్నాను. ఇంటివాళ్లు అంటే ఎవరు? పెళ్లి చరణంలో "కాసుకు లోనై తల్లీ తండ్రీ" అని ఇద్దరూ ఉన్నారు. కానీ సాగనంపే చోట చూడండి:

వగచిరి వదినెలు వగచిరి తమ్ములు
తల్లియు కంటను తడిపెట్టెన్
కాసుకు లోనై అల్లుని తలుచుక
ఆనందించెను అయ్య వొకండే!

అవే రెండు మాటలు, "కాసుకు లోనై", మళ్లీ వచ్చాయి. కానీ ఈసారి తల్లి ఆ లైనులో లేదు, పై లైనులోకి, ఏడ్చేవాళ్ల వరసలోకి మారిపోయింది. మిగిలింది అయ్య, "వొకండే". అంటే కవి నేరాన్ని మొదట ఇద్దరి మీదా పెట్టి, తర్వాత ఒకరిని తప్పించాడు. "ఆనాటి సమాజం స్త్రీని వస్తువుగా చూసింది" అన్న లావుపాటి వాక్యం ఇక్కడ నిలబడదు, ఎందుకంటే ఏడుస్తున్నది కూడా సమాజమే, ఆ ఇంట్లో ఆడవాళ్లూ కుర్రవాళ్లూ. నిలబడాలంటే వాదనని సన్నం చేసుకోవాలి: "కాసుకు లోనవటాన్ని కవి తల్లీ తండ్రీ ఇద్దరికీ అంటించి మొదలుపెట్టి, తండ్రి ఒక్కడి దగ్గరికి కుదించాడు." అయితే తల్లిని పూర్తిగా వదిలేసినట్టేనా? "తల్లియు" లో ఆ "యు" ఉంది, తల్లి కూడా అని. కూడా అన్నాడంటే ఆమె ఏడుస్తుందని మనం అనుకోం అని కవికి తెలుసు, మొదటి "కాసుకు లోనై" ని మర్చిపోలేదన్నమాట. వదినెలు, తమ్ములు వగచారు, తల్లి కంట తడి పెట్టింది, ఏడుపులో కూడా తేడా ఉంది, వగచటం పెద్దది, తడి పెట్టటం చిన్నది. నా మటుకు నాకు ఈ చరణం కథలో ఉన్న చావు కంటే కఠినంగా ఉంటుంది, ఒక్కొక్కరికి ఎంత ఏడుపు రాసిపెట్టాలో లెక్కగా కొలిచి ఇచ్చినట్టు.

ఇక ఛందస్సు అభ్యంతరం. "ఆ లైను నిండటానికి పుత్తడి బొమ్మ అని వేశాడు, దానికింత అర్థం తీస్తారా" అని అడిగితే, సగం నిజమే అని ఒప్పుకోండి. ఉదాహరణకి ఆ పిల్ల పేరు ఒకచోట పూర్ణమ్మ, ఒకచోట పూర్ణిమ అని మారుతుంది, దాని మీద నేను వాదన కట్టను, ఎందుకంటే పూర్ణిమ అన్నప్పుడల్లా కథలో ఫలానా మార్పు ఉంది అని చూపించలేను, అది నడక కోసం వచ్చి ఉండొచ్చు. పుత్తడి బొమ్మ సంగతి వేరు, దాని మార్పులు పెళ్లి, సాగనంపటం, నవ్వు, వెళ్లిపోవటం అనే మలుపుల దగ్గరే పడుతున్నాయి. ఒకే ఒక్క చోట కనపడితే యాదృచ్ఛికం అనొచ్చు, మలుపు మలుపుకీ కనపడితే చూపించి వాదించొచ్చు. ఇదే కొలత మిగతావాటికీ వాడండి. "కొనిపోవచ్చెను" లో కొనటం వినపడుతోంది, ముసలాయన డబ్బిచ్చి కొనుక్కున్నాడు కదా అని ఒక విద్యార్థి రాస్తే నేను పక్కన ప్రశ్న గుర్తు పెడతాను, కొట్టెయ్యను. కొనిపోవు అంటే తీసుకుపోవు అనే మామూలు అర్థం. కాసు, పుత్తడి, ను అన్నీ కుదిరాక చివర్లో "ఇక్కడ కొనుగోలు కూడా లీలగా వినపడుతుంది" అని ఒక లైను అంటే బాగుంటుంది, దాని మీదే పేరా కడితే నిలవదు.

విశ్లేషణలా కనపడి విశ్లేషణ కానివి

మూడు ఉన్నాయి, మనవాళ్ల వ్యాసాల్లో మరీ ఎక్కువ. ఒకటి అలంకారం పేరు చెప్పి వదిలేయటం. "ఇందులో రూపకాలంకారం ఉంది, అంత్యప్రాస ఉంది" అంటే మీరు గుర్తుపట్టారు అంతే, ఆ తర్వాత రాయాల్సింది రాయలేదు. రెండు పొగడ్త. "మహాకవి హృదయాన్ని కదిలించేలా అద్భుతంగా చిత్రించారు", ఈ వాక్యం తీసి ఇంకో కవి మీద రాసిన వ్యాసంలో పెట్టినా అతుక్కుంటుంది, కొట్టేయండి.

మూడోది కాస్త గౌరవంగా కనపడే తప్పు, చరిత్రతో సరిపెట్టటం. గురజాడ తన కన్యాశుల్కం నాటకం 1897 ముద్రణకి ఇంగ్లీషులో ముందుమాట రాస్తూ, విజయనగరం మహారాజా వారు విశాఖపట్నం జిల్లాలో శుల్కం తీసుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా ఒకటి తయారు చేయించిన సంగతి చెప్తాడు, మూడేళ్లలో వెయ్యికి పైగా తేలాయి. బలమైన సంగతి, ఒక లైనులో వాడుకోండి, పూర్ణమ్మ కల్పన కాదు చుట్టూ ఉన్నదే అని చెప్పటానికి పనికొస్తుంది. కానీ ఆ జాబితా "వొకండే" అన్న మాట గురించి ఏమీ చెప్పదు. అలాగే గురజాడ అభ్యుదయవాది కాబట్టి ఈ పద్యం అభ్యుదయకరం అనటం తిరగేసిన వాదన, ఆ మాట పద్యం చూపించి తేల్చాలి.

చివరి చరణం, దాంతో ఏం చేయాలి, ఏం చేయకూడదు

కన్నుల కాంతులు కలువల చేరెను
మేలిమి జేరెను మేని పసల్
హంసల జేరెను నడకల బెడగులు
దుర్గను జేరెను పూర్ణమ్మ

దీన్ని "పూర్ణమ్మ కొలనులో దూకి చనిపోయింది" అని ఒక్క ముక్కలో రాసేస్తారు. పద్యంలో దూకటం లేదు, చావు అనే మాట లేదు. ఉన్నది "చేరెను", నాలుగు లైన్లలో నాలుగుసార్లు. కొంచెం పైన సాయంత్రం చరణంలో ఆవులూ పెయ్యలూ మందలు "జేరెను" అని అదే క్రియ వచ్చింది, అంటే పొద్దుగూకగానే ఎవరి చోటుకి వాళ్లు చేరటం, అదే చరణం చివర "యింటికి పూర్ణిమ రాదాయె". అందరికీ చేరే చోటు ఉంది, ఆమె చోటు ఇల్లు కాదు. మన వాదనకి ఇది ఎలా పనికొస్తుందంటే, కలువ కళ్లు, బంగారు మేను, హంస నడక ఇవన్నీ ఆడపిల్లని వర్ణించటానికి కవులు అప్పుతెచ్చే సామాన్లు, బొమ్మని తయారుచేసే సామాన్లు. చివరి చరణంలో అవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో అక్కడికే తిరిగి పోయాయి. పుత్తడి మేలిమికి పోయాక ఇంక బొమ్మ ఎక్కడిది, మిగిలింది పూర్ణమ్మ, దుర్గను చేరింది ఆమె. పల్లవిలోంచి "పుత్తడి బొమ్మ" రాలిపోవటానికి కారణం లైన్ల లోపలే దొరికింది చూశారా. మీ వ్యాసంలో బలమైన పేరా ఇదే అవ్వాలి. కాబట్టి ఇది కథలో ఎక్కడుంది అని చూడకుండా మీ వాదన ఎక్కడ కోరితే అక్కడ పెట్టండి, మొదటి పేరాలోనే దీంతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లినా తప్పు లేదు.

ఈ చరణంలోనే ఇంకో అందమైన సంగతి ఉంది. గేయం మొదట్లో కథ వినేవాళ్లని కవి "మేలిమి బంగరు మెలతల్లారా / కలువల కన్నుల కన్నెల్లారా" అని పిలుస్తాడు. మేలిమి, కలువలు, చివర్లో పూర్ణమ్మ అందాలు చేరినవి కూడా అవే. అంటే ఆమె పోగొట్టుకున్నవి వినే ఆడపిల్లల దగ్గరికి వచ్చాయా, వాళ్లూ రేపు ఇలాగే బొమ్మలా? నాకు చాలా ఇష్టమైన చోటు. అయినా ఈ వ్యాసంలో పెట్టను, ఎందుకంటే మన వాదన పూర్ణమ్మ వస్తువు కావటం, తప్పుకోవటం గురించి, ఇది వినేవాళ్ల గురించి. పెడితే వ్యాసం రెండు ముక్కలవుతుంది. విడిగా రాసుకుని దాచుకోండి, "పూర్ణమ్మలో శ్రోతల స్థానం" లాంటి ప్రశ్న వస్తే అదే వ్యాసం.

పరీక్ష హాల్లో పుస్తకం ఉండదు కదా మరి అంటారు. నాలుగు చరణాలు బట్టీ పట్టే బదులు నాలుగైదు ముక్కలు అక్షరం తప్పకుండా గుర్తుపెట్టుకోండి: "పుత్తడి బొమ్మను పూర్ణమ్మను", "ముడివేస్త్రి", "ఫక్కున నవ్వెను", "అయ్య వొకండే", "దుర్గను జేరెను పూర్ణమ్మ". ప్రశ్న ఎలా తిప్పి అడిగినా వీటిలో మూడింటితో మూడు పేరాలు వస్తాయి. రాయటం మొదలుపెట్టే ముందు ఆన్సర్ షీట్ వెనక పేజీలో పెన్సిల్‌తో వాదన ఒక్క వాక్యంగా రాసి, దాని కింద ఏ ముక్క ఏ పేరాలో వాడతారో వేసుకోండి. రాస్తున్నప్పుడు రెండు వాక్యాలు వరసగా కొటేషన్ లేకుండా, వాదన లేకుండా, "ఆమె ఇలా చేసింది, వాళ్లు అలా చేశారు" అని వచ్చాయంటే అక్కడే పెన్ను ఆపి, వెనక పేజీ చూసుకుని, తర్వాతి వాక్యం ఏదో ఒక మాట మీద మొదలుపెట్టండి.